కర్త మారిన కామెంట్

ఒక కామెంట్‌ను నేను మూడుసార్లు రాయాల్సి వచ్చింది. చివరికి తేలిన రూపం నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని వాక్యం వాక్యంగా విప్పి మీకు చూపించాలనిపిస్తోంది.

కోడ్ రివ్యూ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. సాఫ్ట్‌వేర్ టీముల్లో ఒకరు రాసిన కోడ్ నేరుగా మెయిన్ బ్రాంచ్‌లో కలవదు. రాసినవాళ్లు దాన్ని పుల్ రిక్వెస్ట్‌గా పెడతారు. ఇంకొకరు లైన్ లైనూ చదివి, ఇబ్బంది కనిపించిన చోట పక్కనే కామెంట్ రాస్తారు. రాసినవాళ్లు సరిచేసి మళ్లీ పెడతారు. అందరికీ బాగుందనిపించాక మెర్జ్ చేస్తారు. ఆ కామెంట్లు కోడ్ రాసినవాళ్లకు మాత్రమే కాదు, టీమ్ అంతటికీ కనిపిస్తాయి. ఏళ్ల తర్వాత ఆ ఫైల్ తెరిచినవాళ్లకూ కనిపిస్తాయి. పదిమందిలో పడ్డ మాట లాంటిదన్నమాట, పైగా చెరగదు.

ఆ రోజు నా ముందున్న కోడ్ ఇది. పండగ ఆఫర్ కోసం కూపన్లు. ఒక కూపన్‌ను ఇన్నిసార్లే వాడుకోవాలని పరిమితి ఉంటుంది. ఎవరైనా వాడుకుంటే ఒకటి తగ్గాలి, సున్నాకు చేరాక ఇక ఎవరికీ ఇవ్వకూడదు. టీమ్‌లో చేరి ఆరు నెలలైనా నిండని అబ్బాయి రాశాడు.

```python
def redeem(coupon_id, user):
    coupon = Coupon.objects.get(id=coupon_id)
    if coupon.uses_left > 0:
        coupon.uses_left -= 1
        coupon.save()
        return True
    return False
```

చదవడానికి హాయిగా ఉంది. కూపన్ తీసుకురా, ఇంకా మిగిలి ఉంటే ఒకటి తగ్గించు, సేవ్ చెయ్యి, `True` అని చెప్పు. లేకపోతే `False`. ఒక్కరే వచ్చినప్పుడు ఇందులో ఏ లోపమూ లేదు. ఇద్దరు ఒకే క్షణంలో వస్తే మాత్రం కథ మారుతుంది. నాకు అది చూడగానే తట్టింది. గబగబా ఇలా రాశాను. మా ఆఫీసులో కామెంట్లు ఇంగ్లీషులోనే రాస్తాం, కానీ మనసులో మాట తెలుగులోనే పుడుతుంది కాబట్టి ఇక్కడ తెలుగులోనే చెబుతాను.

> అసలు ఇద్దరు ఒకేసారి వస్తే ఏమవుతుందో ఆలోచించావా? ఇంత బేసిక్ విషయం కూడా చూసుకోకుండా పీఆర్ ఎలా పెట్టావు?

గిట్‌హబ్‌లో ఒక సదుపాయం ఉంది. `Start a review` నొక్కి రాసిన కామెంట్లన్నీ పెండింగ్‌లో ఉంటాయి. మొత్తం రివ్యూ సబ్మిట్ చేసేదాకా ఆ కామెంట్లు రాసినవాళ్లకు తప్ప ఎవరికీ కనిపించవు. నా అదృష్టం, నేను ఆ పద్ధతిలోనే రాశాను. అదే సమయానికి వేరే పని మీద మా టీమ్ సీనియర్ నా డెస్క్ దగ్గరికి వచ్చారు. చిన్నవాళ్లం ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తాం. స్క్రీన్ మీద ఉన్న కామెంట్ చదివారు. కోప్పడలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగారు.

“ఇందులో కోడ్ గురించి ఉన్న మాటలెన్ని?”

లెక్కపెట్టాను. ‘ఇద్దరు ఒకేసారి వస్తే’ అన్న మూడు మాటలు. అంతే. మిగతాదంతా ఆ అబ్బాయి గురించే.

“క్రియలు చూడు. ఆలోచించావా, చూసుకోకుండా, పెట్టావు. మూడూ ఆ అబ్బాయి పనులే. కోడ్ ఏం చేస్తోందో చెప్పే క్రియ ఒక్కటీ లేదు.”

నా దృష్టిలో ఆవిడ పనితనం ఈ పరిశీలనలోనే ఉంది. ఇంగ్లీషులో ‘యూ’ అన్న మాట తీసేస్తే చాలు, కామెంట్ మర్యాదగా మారిపోతుందని చాలామంది అనుకుంటారు. తెలుగులో ‘నువ్వు’ అని అసలు రాయనక్కర్లేదు. నేనూ రాయలేదు. కానీ మన క్రియాపదం చివరనే మనిషి ఉంటాడు. ‘పెట్టావు’లోని ఆ ‘వు’ వేలెత్తి చూపిస్తూనే ఉంది. ‘గారూ’ అని చేర్చి, ‘పెట్టారు’ అని బహువచనం వాడినా అంతే. ‘ఇంత బేసిక్ విషయం కూడా చూసుకోలేదా అండీ’ అంటే గౌరవం పెరిగినట్టు ఉంటుంది, దెబ్బ మాత్రం తగ్గదు.

చిన్న చిన్న మాటలు ఇంకా లోతుగా దిగుతాయి. ‘అసలు’ అన్న మాట ఆ వాక్యంలో చేసే పనేమీ లేదు. తీసేసి చదవండి, అర్థం ఏమాత్రం మారదు. అది రాసేవాడి విసుగును మోయడానికే వచ్చింది. ‘కూడా’ ఇంకా ఘోరం. ‘ఇంత బేసిక్ విషయం కూడా’ అంటే ‘మిగతావి ఎలాగూ తెలియవు, కనీసం ఇదైనా’ అన్న అర్థం మోసుకొస్తుంది. ‘ఇక్కడ లాక్ ఉండాలి కదా’ అన్నప్పుడు ఆ ‘కదా’ అంటే, ఇది అందరికీ తెలిసిందే, నీకు తప్ప అని. ఇంగ్లీషు కామెంట్లలో ‘జస్ట్’, ‘ఆబ్వియస్‌లీ’ ఇదే పని చేస్తాయి. ‘జస్ట్ ట్రాన్సాక్షన్‌లో పెట్టు’ అని రాస్తే, ఆ పని తట్టనివాడు ఎంత మొద్దో అన్న మాట రాయకుండానే చేరిపోతుంది.

ఇంకొకటి కూడా ఆవిడే చూపించారు. ‘వి డోంట్ డూ దిస్ హియర్’ అని మా టీమ్‌లో చాలామంది రాస్తారు. ‘వి’ అన్నాం కాబట్టి కలుపుకున్నట్టే అనుకుంటారు. కానీ దాన్ని తెలుగులోకి మార్చి చూస్తే అసలు స్వరం బయటపడుతుంది. మనకు ‘మనం’ వేరు, ‘మేం’ వేరు. ఆ వాక్యం చదివిన కొత్తవాళ్లకు వినిపించేది ‘మనం ఇలా చేయం’ కాదు. ‘మేం ఇక్కడ ఇలా చేయం’, అంటే నువ్వు ఇంకా మాలో ఒకడివి కావు. ఇంగ్లీషు ఈ తేడాను కప్పిపుచ్చుతుంది. తెలుగు కప్పిపుచ్చదు. అందుకే ఇంగ్లీషులో రాసిన కామెంట్‌ను మనసులో తెలుగులోకి తిప్పుకుని చదవమని ఆవిడ సలహా. నేను అప్పటి నుంచి పాటిస్తున్నాను.

సరే, నేను రెండోసారి రాశాను. సిగ్గుపడి రాశాను కాబట్టి అవతలి కొసకు వెళ్లిపోయాను.

> చాలా బాగా రాశావు! వీలైతే కాంకరెన్సీ వైపు నుంచి కూడా ఒకసారి చూడొచ్చేమో. చిన్న విషయమే, తొందరేం లేదు.

దీన్ని చూసి ఆవిడ మొదటిదాని కంటే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

“చిన్న విషయమా? వంద మందికి ఇవ్వాల్సిన ఆఫర్ నూట ఇరవై మందికి వెళ్తే ఆ డబ్బు ఎవరు కడతారు? ఇది చదివి ఆ అబ్బాయి సరే తర్వాత చూద్దాం అనుకుని మెర్జ్ చేస్తే, తప్పు వాడిదా నీదా?”

నాదే. మొదటి కామెంట్‌లో కోడ్ గురించి మూడు మాటలైనా ఉన్నాయి. రెండోదానిలో ఇద్దరు ఒకేసారి రావడం అన్న అసలు విషయమే ఎగిరిపోయి, ‘కాంకరెన్సీ’ అనే ఒక పెద్ద మాట మిగిలింది. ఆరు నెలల అనుభవం ఉన్న అబ్బాయి ఆ మాటతో ఏం చేస్తాడు? ఎక్కడ మొదలుపెడతాడు? ‘వీలైతే’, ‘చూడొచ్చేమో’, ‘చిన్న విషయమే’, ‘తొందరేం లేదు’ అంటూ నాలుగు మెత్తలు వేసి, అసలు వస్తువును వాటి కింద దాచేశాను. మర్యాదగా ఉందన్న మాటే గానీ, చదివేవాడికి దీనివల్ల ఏ ఉపకారమూ లేదు. మొదటి కామెంట్ వాణ్ణి బాధపెట్టి ఉండేది. రెండోది వాణ్ణి తప్పుదారి పట్టించి ఉండేది. ఆఫర్ రోజున లెక్క తప్పాక, ‘రివ్యూలో చెప్పాను కదా’ అని నేను తప్పించుకునే వీలు కూడా అందులో ఉంది. అది నాకు ఇప్పటికీ నచ్చని విషయం.

మూడోసారి ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వెంటనే కీబోర్డ్ మీద కామెంట్ మొదలుపెడతారనుకున్నాను. పెట్టలేదు. ముందు రెండు టెర్మినల్ విండోలు పక్కపక్కన తెరిపించారు. రెండింట్లోనూ `python manage.py shell`. ఒక టెస్ట్ కూపన్ తయారుచేసి `uses_left` విలువ 1 పెట్టించారు. మొదటి విండోలో ఆ కూపన్‌ను `get` చేయించారు. రెండో విండోలోనూ `get`. రెండింట్లోనూ 1 కనిపించింది. తర్వాత మొదటి విండోలో ఒకటి తగ్గించి `save`. రెండో విండోలోనూ ఒకటి తగ్గించి `save`. రెండూ ఏ గొడవా లేకుండా పూర్తయ్యాయి. ఒక్కసారికే పనికొచ్చే కూపన్ ఇద్దరికి చెల్లింది.

“ఇప్పుడు డేటాబేస్‌లో ఎంతుందో చూడు” అన్నారు.

నేను మైనస్ ఒకటి ఉంటుందనుకున్నాను. సున్నా ఉంది. ఎందుకంటే డేటాబేస్‌కు ‘ఒకటి తగ్గించు’ అని ఎవరూ చెప్పలేదు. రెండు విండోలూ తమ దగ్గరున్న 1లోంచి తామే ఒకటి తీసేసి, ‘విలువ 0 అని రాయి’ అని చెప్పాయి. ఒకదాని మీద ఒకటి సున్నా రాసుకున్నాయి. అంటే ఈ తప్పు జరిగాక టేబుల్ చూసినా ఆనవాలు ఉండదు. లెక్క అచ్చంగా సరిపోయినట్టే కనిపిస్తుంది. ‘ఇంత బేసిక్ విషయం’ అని నేను కోప్పడ్డ దానిలో ఈ ముక్క నాకే తెలియదు. చేసి చూస్తే తప్ప తెలిసేదీ కాదు.

ఈ ప్రయోగానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత తయారైన కామెంట్ ఇది.

> `get`కూ `save`కూ మధ్య ఇంకో రిక్వెస్ట్ దూరేంత ఖాళీ ఉంది. `uses_left` 1 ఉన్నప్పుడు రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే, రెండూ 1 చదువుతాయి, రెండూ 0 రాస్తాయి, రెండూ `True` ఇస్తాయి. ఒకరికి ఇవ్వాల్సిన కూపన్ ఇద్దరికి వెళ్తుంది. చివరి విలువ 0గానే ఉంటుంది కాబట్టి టేబుల్ చూసినా తెలియదు. రెండు షెల్ విండోల్లో చేసి చూశాను, ఇలాగే వచ్చింది. ఇప్పుడున్న టెస్టులు ఒకదాని తర్వాత ఒకటి రిక్వెస్ట్ పంపుతాయి, అందుకే అవి పాసవుతున్నాయి.
>
> చెక్ చేయడం, తగ్గించడం రెండూ ఒకే `UPDATE`లో జరిగితే ఈ ఖాళీ ఉండదు. ఒక పద్ధతి కింద పెట్టాను. `atomic` బ్లాక్‌లో `select_for_update()` వాడినా సరిపోతుంది, రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే. మెర్జ్ చేసేముందు ఇది మారాలి.

దాని కింద ఈ నాలుగు లైన్లు:

```python
updated = Coupon.objects.filter(
    id=coupon_id, uses_left__gt=0
).update(uses_left=F("uses_left") - 1)
return updated == 1
```

ఇప్పుడు ఈ కామెంట్‌లో కర్తలను చూడండి. ఖాళీ ఉంది. రిక్వెస్టులు చదువుతాయి, రాస్తాయి, ఇస్తాయి. కూపన్ వెళ్తుంది. విలువ ఉంటుంది. టెస్టులు పంపుతాయి, పాసవుతున్నాయి. దాదాపు ప్రతి క్రియా కోడ్‌లోని వస్తువుదే. క్రియ చివర మనిషి రెండుచోట్లే కనిపిస్తాడు, ‘చేసి చూశాను’, ‘కింద పెట్టాను’ దగ్గర. ఆ మనిషి కూడా కామెంట్ రాసినవాడే. ఎదుటివాడి గురించి ఒక్క క్రియ లేదు. అయినా ఎదుటివాడు చేయాల్సిన పని ఏమిటో మొదటి కామెంట్ కంటే వెయ్యి రెట్లు స్పష్టంగా ఉంది.

చాలామంది వ్యక్తిని తప్పించాలంటే కర్మణి వాక్యాల్లోకి పోతారు. ‘ఇక్కడ కాంకరెన్సీ విస్మరించబడింది’ అంటారు. ఇది కర్తను మార్చడం కాదు, దాచడం. విస్మరించింది ఎవరో చదివేవాడికి తెలుసు, వేలు కాస్త చాటుకు వెళ్లిందంతే. అక్క చేసింది వేరు. ఆవిడ కర్తను దాచలేదు. అసలు కర్తను వెతికి తెచ్చారు. కూపన్‌ను ఇద్దరికి ఇస్తున్నది ఆ అబ్బాయి కాదు. చదవడానికీ రాయడానికీ మధ్య ఉన్న ఖాళీ. నిజంగా జరిగేది అదే కాబట్టి వాక్యమూ అదే చెప్పింది. నేను చూసినంతలో మర్యాద, కచ్చితత్వం ఇంత చక్కగా కలిసిపోయే చోటు ఇంకోటి లేదు.

‘అందుకే అవి పాసవుతున్నాయి’ అన్న ముక్క నాకు మరీ ఇష్టం. ఆ అబ్బాయి టెస్టులు రాశాడు, అవన్నీ పాసయ్యాయి, ఆ ధైర్యంతోనే పుల్ రిక్వెస్ట్ పెట్టాడు. కామెంట్ చదవగానే వాడి మనసులో వచ్చే మొదటి మాట ‘మరి టెస్టులు పాసయ్యాయి కదా’ అనే. ఆ మాట వాడు అనకముందే జవాబు అక్కడ ఉంది. నువ్వు నిర్లక్ష్యం చేయలేదు, నీ దగ్గరున్న పరికరానికి ఇది దొరకదు అన్న సంగతి, ఓదార్పులా కాకుండా ఒక సాంకేతిక వాస్తవంగా చెప్పడం గొప్ప నేర్పు. వీపు తట్టలేదు, ‘బాగా రాశావు’ అనలేదు. అయినా చదివినవాడికి ఊరట దొరుకుతుంది.

‘రెండింటిలో ఏదైనా నాకు సమ్మతమే’, ‘మెర్జ్ చేసేముందు ఇది మారాలి’ అన్నవి పక్కపక్కనే ఉన్నాయి, గమనించారా? ఏది మారాలన్న దగ్గర సందు లేదు. ఎలా మారాలన్న దగ్గర స్వేచ్ఛ ఉంది. ‘మారాలి’ అన్న రూపం కూడా ఊరికే పడలేదు. ‘మార్చు’ అంటే ఆజ్ఞ, ‘మారుస్తావా’ అంటే బతిమాలడం. ‘మారాలి’కి కర్త ఆ కోడే. పైగా ఆవిడ రివ్యూ సబ్మిట్ చేయించేటప్పుడు `Comment` కాకుండా `Request changes` ఎంచుకోమన్నారు. మాట మెత్తగా ఉన్నప్పుడు తీర్పు కూడా మెత్తగానే ఉందేమోనని చదివేవాళ్లు పొరబడతారు. ఆ బటన్ పొరబాటుకు తావివ్వదు. అదే రివ్యూలో ఒక వేరియబుల్ పేరు గురించి నేను రాసిన ఇంకో కామెంట్ ముందు `nit:` అని చేర్పించారు. అంటే ఇది చిన్నది, మార్చకపోయినా మెర్జ్‌కు అడ్డం రాదు అని. అన్ని కామెంట్లూ ఒకే బరువుతో కనిపిస్తే కొత్తవాళ్లు అన్నిటికీ సమానంగా కంగారుపడతారు. లేదా అన్నిటినీ సమానంగా తేలిగ్గా తీసుకుంటారు.

కోడ్ గురించీ ఒక మాట చెప్పాలి. ఆ సూచన పనిచేయకపోతే ఎంత మంచి వాక్యమైనా వృథా. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. రెండు `UPDATE`లు ఒకే రో మీదికి వస్తే, రెండోది మొదటిది కమిట్ అయ్యేదాకా ఆగుతుంది. ఆగి, తన షరతును మళ్లీ సరిచూసుకుంటుంది. అప్పటికి `uses_left` సున్నా అయిపోయింది కాబట్టి `uses_left__gt=0` నిలబడదు, ఒక్క రో కూడా మారదు, `updated` సున్నా వస్తుంది, ఫంక్షన్ `False` ఇస్తుంది. తగ్గించే పని పైథాన్‌లోంచి డేటాబేస్‌లోకి వెళ్లిందన్నమాట. అదే రెండు విండోల్లో ఈ కోడ్ కూడా నడిపి చూశాకే కామెంట్‌లో పెట్టనిచ్చారు.

వ్యక్తిని కాకుండా కోడ్‌ను విమర్శించమన్న సూత్రం ఆవిడ కనిపెట్టింది కాదు. జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లోనే ప్రోగ్రామర్ల మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో, రాసిన కోడ్‌ను తన అహంలో భాగంగా చూసుకోని పద్ధతి గురించి చర్చించాడు. గూగుల్ తన ఇంజినీర్ల కోసం రాసుకున్న రివ్యూ మార్గదర్శకాలను 2019లో అందరికీ తెరిచి పెట్టింది. అందులోనూ ఈ సూత్రం ఉంది, ఒక ఉదాహరణతో సహా. అవసరం లేని చోట థ్రెడ్లు వాడిన కోడ్ అది. మొదటి రూపం ‘ఎందుకు వాడావు’ అని రాసినవాణ్ణి నిలదీస్తుంది, ఉపయోగం లేదన్నది అందరికీ కనిపిస్తూనే ఉందన్న ధోరణిలో. మార్చిన రూపంలో ఆ కాంకరెన్సీ మోడలే కర్త అవుతుంది. అది సంక్లిష్టత పెంచుతోందని, దానికి తగ్గ వేగం రావడం లేదని, కనుక ఒకే థ్రెడ్ మేలని చెబుతుంది. వేగం రాలేదన్న మాటకు ‘నాకు కనిపించినంతలో’ అన్న హద్దు కూడా పెట్టారు. మార్చిన రూపం మొదటిదానికి రెట్టింపు కంటే పొడవుంది. మా కామెంటూ అంతే, ఇంకా ఎక్కువే పెరిగింది. నిందించడానికి ఒక వాక్యం చాలు. కారణం చెప్పడానికి చాలదు.

ఆ ‘నాకు కనిపించినంతలో’ ఎంత విలువైనదో మా రివ్యూలోనే తెలిసింది. కోడ్ ఇంకోసారి చూడండి. `user` అని ఒకటి ఫంక్షన్‌లోకి వస్తోంది, లోపల ఎక్కడా వాడలేదు. ఒకే యూజర్ ఒకే కూపన్‌ను పదిసార్లు వాడుకోవచ్చా? నేను అప్పటికే రాసేశాను: ‘యూజర్ చెక్ మర్చిపోయావు’ అని. అక్క దాన్ని ఇలా మార్పించారు.

> `user` ఈ ఫంక్షన్‌లో వాడినట్టు నాకు కనిపించలేదు. ఒకరు ఒకసారే వాడుకోవాలన్న చెక్ ఇంకెక్కడైనా ఉందా?

“నీకు తెలిసింది వాడలేదన్నది మాత్రమే. మర్చిపోయాడన్నది నీ ఊహ. తెలిసినది రాయి, తెలియనిది అడుగు” అన్నారు.

గంటలో జవాబు వచ్చింది. ఆ చెక్ ఈ ఫంక్షన్‌ను పిలిచే వ్యూలో ముందే ఉంది. `user` తర్వాతి పనిలో లాగింగ్‌కు కావాలని పెట్టుకున్నాడు. మర్చిపోలేదు. నా వాక్యం అలాగే వెళ్లి ఉంటే తప్పు చేసినవాణ్ణి నేనయ్యేవాణ్ణి, అదీ టీమ్ అందరి ముందూ.

ప్రశ్న రూపంలో ఉన్నవన్నీ ప్రశ్నలు కావు. ‘ఆలోచించావా?’ అన్న నా మొదటి వాక్యం చివరా ప్రశ్నార్థకమే ఉంది. దానికి ఎవరైనా ఏం జవాబు చెప్పగలరు? ‘ఆలోచించలేదండీ’ అని తలవంచుకోవడం తప్ప. ‘చెక్ ఇంకెక్కడైనా ఉందా?’ అన్నదానికి ఉంది, లేదు అని రెండు జవాబులూ సాధ్యమే. రెండిట్లో ఏది వచ్చినా అడిగినవాడు నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. ప్రశ్న నిజమైనదా కాదా తేల్చుకోవడానికి నేను ఇప్పుడు ఇదే గురుతు పెట్టుకున్నాను. జవాబు నాకు ముందే తెలిస్తే అది ప్రశ్నగా రాయను, తెలిసిన సంగతిగా రాస్తాను.

ఈ పద్ధతికి కొన్ని హద్దులు ఉన్నాయి. కర్తగా కోడ్‌ను నిలబెట్టినంత మాత్రాన పని అయిపోదు. ‘ఈ కోడ్ బద్ధకంగా ఉంది’, ‘ఈ ఫంక్షన్ చెత్తగా ఉంది’ అనే వాక్యాల్లోనూ కర్త కోడే. కానీ కోడ్‌కు బద్ధకం ఉండదు, రాసినవాడికి ఉంటుంది. ఇలాంటి దొంగ వాక్యాలను పట్టుకోవడానికి అక్క వాడే పరీక్ష ఒకటుంది. కామెంట్ ఒక్కటే చదివి, కోడ్ మార్చకముందు ఫెయిలయ్యే టెస్ట్ ఒకటి రాయగలమా? ‘1 ఉన్నప్పుడు రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండూ `True` ఇస్తాయి’ అన్నది చదివి రాయొచ్చు. ‘చెత్తగా ఉంది’ చదివి ఏం రాస్తాం? పేర్లు, అమరిక లాంటి వాటికి ఈ పరీక్ష సరిపోదు గానీ, బగ్ గురించి రాసిన ప్రతి కామెంట్‌కూ సరిపోతుంది.

ఇంకో హద్దు. ఒకే రకం పొరపాటు ఒకే మనిషి నాలుగైదు పుల్ రిక్వెస్టుల్లో వరసగా చేస్తే? అప్పుడు నిజంగానే విషయం కోడ్‌ది కాదు, మనిషి అలవాటుది. దాన్ని కామెంట్‌లోకి తేవద్దంటారు ఆవిడ. ‘ఇదే మాట మొన్న కూడా చెప్పాను’ అన్న వాక్యం ఆ లైన్‌ను సరిచేయడానికి ఏమీ ఉపయోగపడదు, నలుగురిలో పరువు తీయడానికి మాత్రం బాగా ఉపయోగపడుతుంది. అది టీ తాగుతూ ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడాల్సిన సంగతి. అలాగే ఒక కామెంట్ కింద రెండుసార్లు అటూ ఇటూ అయ్యాక కూడా తేలకపోతే ఆవిడ మూడోసారి రాయరు, ఫోన్ చేస్తారు. మాట్లాడి తేల్చుకున్నది మళ్లీ రెండు లైన్లలో అక్కడ రాస్తారు, తర్వాత చదివేవాళ్ల కోసం.

ఆ అబ్బాయి మరుసటి రోజు పొద్దున్నే మార్చిన కోడ్ పెట్టాడు. సూచించిన నాలుగు లైన్లే తీసుకున్నాడు. మేం అడగని పని కూడా ఒకటి చేశాడు. రెండు థ్రెడ్లతో ఒకేసారి `redeem` పిలిచే టెస్ట్ రాశాడు. జాంగోలో మామూలు `TestCase` మొత్తం టెస్ట్‌ను ఒక ట్రాన్సాక్షన్‌లో చుట్టేస్తుంది కాబట్టి ఇంకో థ్రెడ్‌కు ఆ డేటా కనిపించదు. వాడు అది తెలుసుకుని `TransactionTestCase` వాడాడు. పాత కోడ్ మీద ఆ టెస్ట్ కొన్నిసార్లు పాసవుతోంది, కొన్నిసార్లు ఫెయిలవుతోంది, అందుకని చాలాసార్లు నడిపి చూశానని కింద రాశాడు. ఫంక్షన్ పైన ఒక కామెంట్ లైన్ చేర్చాడు, చెక్‌నూ తగ్గింపునూ విడదీయవద్దని, విడదీస్తే ఏమవుతుందో చెబుతూ. నేను కోపంగా రాసిన మొదటి వాక్యం వెళ్లి ఉంటే వాడు మౌనంగా నాలుగు లైన్లు మార్చి ఊరుకునేవాడేమో. నేనైతే అలాగే చేసేవాణ్ణి.

మీ దగ్గర సబ్మిట్ చేయని రివ్యూ ఏదైనా పెండింగ్‌లో ఉంటే, బటన్ నొక్కే ముందు ఒక్క పని చేయండి. ప్రతి కామెంట్‌నూ తెలుగులో మనసులో చదువుకుని, క్రియాపదాల చివరలు చూడండి. ‘వు’, ‘రు’ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి, ఆ పని నిజానికి కోడ్‌లో ఏ లైన్ చేస్తోందో వెతకండి.